తీర్మానంలో లేని మూడో పేరు

ఈ దేశంలో అన్ని రంగులవాళ్ళమూ మొదటిసారి ఓటేసిన ఎన్నికలు జరిగిన మరుసటి ఏడు మేము ముగ్గురం ఆడవాళ్ళం ఒక కంపెనీకి డైరెక్టర్లమయ్యాం. నేను, మా వదినె, సిసి. వదినె నా భర్తకు అక్క. సిసి నల్లవాళ్ళ పేట ఉమ్లాజీలో ఉండే జులూ మనిషి. పంతొమ్మిదేళ్ళు బట్టల ఫ్యాక్టరీలో నా పక్క మిషను ఆమెదే. వాళ్ళ భాషలో సిసి అంటే అక్కచెల్లెలు. ఆమె నన్ను అలాగే పిలిచేది, నేను ఆమెను అలాగే పిలిచేదాన్ని.

ఫ్యాక్టరీ మూతపడినప్పుడు మాకు రావలసిన డబ్బు బదులు పాత మిషన్లు ఇచ్చారు. వాటిని మనవాళ్ళుండే ఖర్వాస్తాన్‌లో వదినె గారేజీలో పెట్టుకుని కుట్టుపని మొదలుపెట్టాం. ప్రాస్పెక్టన్‌లో ఒక చిన్న కార్ఖానా వాళ్ళు పనివాళ్ళ ఓవరాల్స్ కుట్టమని ఆర్డరు ఇస్తామన్నారు. అయితే మనుషుల చేతికి డబ్బు ఇవ్వరట, కంపెనీ ఉండాలి, కంపెనీ పేరు మీద బ్యాంకు ఖాతా ఉండాలి. ఒక లాయరు తన దగ్గర ముందే రిజిస్టరు చేసి ఉంచుకున్న ఒక ఖాళీ కంపెనీని మాకు రాసిచ్చాడు. ఖాతా నంబరు శుక్రవారం లోపల రాకపోతే ఆర్డరు వేరేవాళ్ళకి వెళ్తుందని కార్ఖానా ఆఫీసువాళ్ళు ఫోను చేసి చెప్పారు. అది సోమవారం.

నన్ను చైర్మన్‌గా కూర్చోబెట్టింది వదినే. యాభై రెండో ఏట శనివారం బడికి వెళ్ళి ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నాను నేను. అప్పటికి రెండేళ్ళయింది. అంతకుముందు ఎక్కడైనా వేలిముద్రే. "సంతకం పెట్టడం కొత్తగా నేర్సింది, దానికే పెట్టండి ఆ కుర్సీ, ముచ్చట తీరతది" అంది వదినె. అందరం నవ్వాం.

కాగితాలు చూసే బాధ్యత ఒక గుంటూరు అమ్మాయిది. ఆమె భర్త ప్రభుత్వాసుపత్రిలో డాక్టరుగా కొత్తగా వచ్చాడు, మా వీధి చివర అద్దెకుండేవారు. ఆ అమ్మాయి అక్కడ కంపెనీ లెక్కల పరీక్షలు పాసై వచ్చింది, ఇక్కడ ఇంకా ఉద్యోగం దొరకలేదు. మాకు సెక్రటరీగా ఉంటానంది. తెలుగు రాయడం నాకు తర్వాత నేర్పింది కూడా ఆమే.

బ్యాంకు అడిగిన కాగితం ఏమిటో ఆమె మాకు వివరంగా చెప్పింది. డైరెక్టర్లు సమావేశమై, ఫలానా బ్రాంచిలో ఖాతా తెరవాలని, చెక్కుల మీద ఫలానావాళ్ళు సంతకం పెట్టాలని తీర్మానించాలి. ఆ తీర్మానాన్ని మినిట్స్ పుస్తకంలో రాయాలి. పుస్తకం బ్యాంకుకి ఇవ్వనక్కర్లేదు. అందులో ఆ తీర్మానం వరకు ఉన్నదున్నట్టు మరో కాగితం మీదికి ఎత్తిరాసి, ఇది నిజమైన నకలు అని చైర్మన్, సెక్రటరీ కింద సంతకం పెట్టి ఇవ్వాలి.

"సమావేశం ఉందని డైరెక్టర్లందరికీ ముందు చెప్పాలి ఆంటీ. ఇద్దరుంటే కోరం సరిపోతుంది. కానీ మూడో ఆవిడకి కూడా కబురు వెళ్ళాలి. వెళ్ళిందా?"

సిసి అప్పటికి ఊళ్ళో లేదు. ఆమె తమ్ముడు చనిపోయాడని ఆదివారం తెల్లారే పోర్ట్ షెప్‌స్టోన్ అవతల లోపలి పల్లెకి వెళ్ళింది. అక్కడ ఫోను లేదు.

నేను వదినె వైపు చూశాను. వదినె పప్పు ఏరుతూ తల ఎత్తకుండా అంది, "ఎల్లింది. రాలేనన్నాది."

గుంటూరు అమ్మాయి నన్నే చూస్తోంది, నేను చైర్మన్ని కనక.

"వెళ్ళిందమ్మా" అన్నాను.

ఎందుకన్నానో నాకు బాగా తెలుసు. మా ఇళ్ళలో పెద్దది ఒక మాట అంటే అందరూ ఒప్పుకున్నట్టే. పెళ్ళి ముహూర్తమైనా, ఇంటికి రంగైనా, లేనివాళ్ళ తరఫున కూడా పెద్దే అవునంటుంది. వచ్చాక వాళ్ళకి చెప్తారు, వాళ్ళు తల ఊపుతారు. మా అత్తగారి దగ్గర నేను అలాగే ఊపాను. కంపెనీ కూడా అలాంటిదే అనుకున్నాను.

మంగళవారం పదింటికి గారేజీలో సమావేశం జరిగింది. వదినె, నేను, పుస్తకంతో గుంటూరు అమ్మాయి. సంతకాల దగ్గరికి వచ్చేసరికి, ముగ్గురిలో ఎవరైనా ఇద్దరు అని రాయమన్నాను. ముగ్గురం ముందు అనుకున్నది అదే.

"మూడో పేరెందుకు? ఆవిడ ఉమ్లాజీలో ఉంటది. ఏ గొడవ వొచ్చినా బస్సులు ఆగిపోతాయి. బేంకుకి ఎలా వొస్తది? మనిద్దరం సాలు" అంది వదినె.

"ఆవిడ ఏమైనా అనుకుంటుందేమో."

"ఆవిడకేటి, యెస్ అనేస్తది. నువ్వు ఊరికే బుర్ర పాడుసేసుకోకు."

అలాగే రాశారు. హాజరు, ఇద్దరు. రాలేనని తెలియజేసినవారు, ఒకరు. సంతకాలు, మేమిద్దరం కలిసి. సాయంత్రానికి గుంటూరు అమ్మాయి నకలు టైపు చేసి తెచ్చింది. నిజమైన నకలు అనే మాట కింద నేను నా పేరు పెట్టాను. ఒక్కో అక్షరం దగ్గర ఆగి పెట్టాను. బాగా వచ్చింది. ఆ పక్కన ఆమె పెట్టింది.

బుధవారం బ్యాంకు ఒంటిగంటకే మూసేస్తారు. మా ఐడీ పుస్తకాల నకళ్ళ మీద ముద్ర వేయించుకోవడానికి ముందు పోలీసు స్టేషనుకి వెళ్ళాం. కౌంటరు వెనక జులూ కానిస్టేబులు ఒక్కో ఐడీ పుస్తకం తెరిచి, ఫొటో చూసి, మా ముఖం చూసి, నకలు పక్కన పెట్టుకుని పోల్చి ముద్ర వేశాడు. వదినె చప్పున తీర్మానం కాగితం కూడా ముందుకు తోసింది.

"దీనికీ ఒకటి కొట్టెయ్ నాయనా" అంది ఇంగ్లీషులో. నా వైపు తిరిగి మన మాటల్లో, "పోలీసు ముద్ర పడితే ఎవడూ నోరెత్తడు" అంది.

అతను కాగితం చదివాడు. "అసలు పుస్తకం ఏది?"

"ఇంట్లో ఉంది."

"అసలు చూడకుండా నేను ముద్ర వెయ్యలేను. అయినా దీనికి నా ముద్ర అక్కర్లేదమ్మా. ఇది నిజమని కింద చెప్పింది నేను కాదు. ఎవరిదీ సంతకం?"

"నాది" అన్నాను.

"అయితే మీరే చెప్తున్నారు" అని కాగితం నా చేతికే ఇచ్చాడు. అతను మామూలుగానే అన్నాడు, వెనక లైనులో ఉన్నవాళ్ళని పిలిచాడు. బ్యాంకుకి నడిచే దారంతా వదినె ఓవరాల్స్‌కి ఏ రంగు దారం బాగుంటుందో చెప్తోంది. రాలేనని తెలియజేసినవారు ఒకరు అన్న మాట తప్ప నాకు ఇంకేమీ వినిపించలేదు. అంతవరకు నేను రాసినవన్నీ బడిలో పలక మీద మాటలు, ఆవు, గొడుగు, ఆదివారం. అవి అబద్ధం కావు.

బ్యాంకులో మా కాగితాలు తీసుకున్న పిల్లది కూడా మనవాళ్ళ పిల్లే. మెళ్ళో సన్నటి గొలుసు, ఇంగ్లీషు తప్ప ఇంకేమీ రాదు. రిజిస్ట్రేషన్ కాగితం, డైరెక్టర్ల జాబితా, ఐడీలు, తీర్మానం ఒకదాని పక్కన ఒకటి పరుచుకుంది.

"డైరెక్టర్లు ముగ్గురున్నారు, సంతకాలు ఇద్దరివేనా ఆంటీ?"

"ఇద్దరివే" అంది వదినె.

"అలాగే. తీర్మానంలో ఎవరి పేరుంటే వాళ్ళే. మూడో ఆమెకి తెలుసుగా?"

"తెల్సు, తెల్సు."

నమూనా సంతకాల కార్డు నా ముందు పెట్టింది. మూడుసార్లు పెట్టమంది. ఒకటి పెట్టాను. రెండోది పెట్టబోతే చేయి కదల్లేదు. వదినె మోచేత్తో పొడిచింది. "కానీయ్, తలుపు మూసేస్తారు."

పెన్ను కింద పెట్టేశాను. "అమ్మా, ఆ తీర్మానం కాగితం నాకు వెనక్కి ఇచ్చెయ్. అందులో ఒక మాట సరిగ్గా లేదు" అన్నాను.

ఆ పిల్ల ఒకసారి నన్ను, ఒకసారి వదినెను చూసింది. "ఇంకా ఫైల్లోకి వెళ్ళలేదు. సరైనది తెచ్చుకోండి. శుక్రవారం మూడున్నరకి మూస్తాం" అంది. అంతకుమించి ఏమీ అడగలేదు. ఆమె అడగకపోవడమే నాకు ఇంకా సిగ్గనిపించింది.

బయట మెట్ల మీద వదినె అందుకుంది. "ఏటే, దెయ్యం పట్టిందా నీకు? రెండు అచ్చరాలు వొచ్చేసరికి ధర్మరాజు సెల్లెలైపోయావా?" నాకు భయం ఆమె తిట్లకి కాదు. శుక్రవారం దాటిపోతుందని, దాటితే ఆ గారేజీలో మిషన్లు బట్టలు కప్పుకుని కూర్చుంటాయని, అది నావల్లే అవుతుందని.

నేరుగా గుంటూరు అమ్మాయి ఇంటికి వెళ్ళి ఉన్నది చెప్పాను. ఆమె చంకలో పిల్లవాడిని కిందికి దించింది.

"నేనూ సంతకం పెట్టాను ఆంటీ. మీ మాట మీద పెట్టాను. నేను ఇక్కడ ఉద్యోగం వెతుక్కుంటున్నదాన్ని. అబద్ధపు నకలు మీద నా పేరుంటే నన్ను ఎవరు నమ్ముతారు?"

ఆమె గొంతు పెంచి ఉంటే బాగుండేది. పెంచలేదు.

తర్వాత మినిట్స్ పుస్తకం తెరిచింది. ఆ పుట చింపేస్తుందనుకున్నాను. "చింపకూడదు" అంది. ఒక డైరెక్టరుకి కబురు అందలేదని, అందుకని ఆ సమావేశం చెల్లదని దాని కింద రాసి తేదీ వేసింది. నన్నూ సంతకం పెట్టమంది. అప్పుడు ఒక దారి చెప్పింది. మళ్ళీ సమావేశం పెట్టే వ్యవధి లేదు. కానీ కంపెనీ నియమాల ప్రకారం, ఒకే మాటలున్న కాగితం మీద డైరెక్టర్లందరూ సంతకం పెడితే అది సమావేశంలో చేసిన తీర్మానంతో సమానం. ఒక్కరు తక్కువైనా చెల్లదు.

"అంటే ఆవిడ దగ్గరికి వెళ్ళాలి. ఈ పాత కాగితం కూడా తీసుకెళ్ళండి. దాచకుండా చూపించండి."

కొత్త కాగితంలో మూడో పేరు వేద్దామన్నాను. వదినెను అడిగితే, అలా వేస్తే తాను సంతకం పెట్టనంది. దాంతో పాత మాటలే, ఇద్దరి పేర్లే, టైపు చేసి పట్టుకెళ్ళాను.

గురువారం పొద్దున్నే బస్సెక్కాను. మార్‌బర్గ్‌లో దిగి, అక్కడినుంచి టాక్సీ వ్యానులో లోపలికి. ఆ ఏళ్ళలో ఆ దారి గురించి మంచి మాటలు వినేవాళ్ళం కాదు. రెండు పార్టీల గొడవల్లో ఫలానా కొండ వెనక కాల్పులని, ఫలానా చోట ఇళ్ళు తగలబెట్టారని. వ్యానులో చీర కట్టుకున్నది నేనొక్కదాన్నే. ఒడిలో కొవ్వొత్తుల పొట్లం, చక్కెర, టీ ఆకు. వాటి కింద కాగితాలు. పక్కనున్న ముసలమ్మ ఎక్కడికని అడిగింది. చావింటికన్నాను. "అయితే ఎవరూ ఏమీ అనరు" అంది. సరైన మలుపు దగ్గర వ్యాను ఆపించింది కూడా ఆమే.

శవం ఇంకా రాలేదు, శనివారం పాతిపెడతారట. గుండ్రటి గుడిసెలో చనిపోయినవాడి తల్లి పరుపు మీద కూర్చుంది. చుట్టూ చాపల మీద ఆడవాళ్ళు. సిసి దుప్పటి కప్పుకుని తల్లి పక్కన ఉంది. నేను వంగి లోపలికి వెళ్ళి, కొవ్వొత్తులు ఇచ్చి కూర్చున్నాను. వాళ్ళు ప్రార్థన పాట పాడారు. నన్ను చూసి సిసి కళ్ళు తుడుచుకుంది. "ఇంత దూరం వచ్చావా, సిసి" అంది. నేను చావుకి వచ్చాననే అనుకుంది. అప్పుడే లేచి వెళ్ళిపోదామా అనిపించింది.

బయట నీళ్ళ పీపా దగ్గర కూర్చుని, మా ఫ్యాక్టరీ మాటల్లో, సగం ఇంగ్లీషు, సగం ఫనకలో అనే పనివాళ్ళ కలగలుపు భాష, అంతా చెప్పాను. కాగితాలు రెండూ ఇచ్చాను. సిసి ఫ్యాక్టరీలో యూనియన్ ప్రతినిధిగా చేసిన మనిషి. ఏ కాగితమైనా అడుగు దాకా చదవనిదే వదలదు. చదివింది.

"రాలేనని కబురు పంపానని రాశారు. ఎవరితో పంపాను?"

"పంపలేదు."

"నా పేరు ఎక్కడ?"

"లేదు."

"పంతొమ్మిదేళ్ళు. మేనేజరు మనల్ని అడక్కుండా షిఫ్టు మారిస్తే నా వెనక నిలబడి అరిచావు. గుర్తుందా? నీ గొంతే అందరికంటే పెద్దది."

"వదినె అంది..."

"మీ వదినె సంగతి కాదు. చైర్మన్ ఎవరు?"

నేనేనన్నాను. ఆమె కాగితం నా ఒడిలో పెట్టింది. "దీనిమీద నేను పెట్టను. మన ముగ్గురి పేర్లు, ఎవరైనా ఇద్దరు, మనం అనుకున్నట్టు రాయి. దానిమీద పెడతాను."

"ఇక్కడ టైపు మిషను లేదు."

"నీకు రాయడం వచ్చుగా."

గుడిసెలోంచి ఒక పిల్ల బడి పుస్తకంలోంచి రెండు కాగితాలు తెచ్చి ఇచ్చింది. టైపు కాగితం మోకాలి పక్కన పెట్టుకుని చూసి రాశాను. ఒకసారి తప్పు పడింది. కొట్టివేతలుంటే పనికిరాదని గుంటూరు అమ్మాయి చెప్పడంతో మళ్ళీ మొదటినుంచి రాశాను. కాగితం అదొక్కటే మిగిలింది. మళ్ళీ తప్పు పడితే ఎలాగని ప్రతి మాటా ముందు వేలితో చూసుకుని రాశాను. సిసి నా భుజం మీదుగా చూస్తూ కూర్చుంది. సాయం చెయ్యలేదు. పూర్తయ్యాక మొత్తం చదివి, సంతకం పెట్టి, తేదీ వేసింది. నేనూ పెట్టాను. వ్యాను దాకా తోడొచ్చింది కానీ, ఎప్పటిలాగా నా చెయ్యి పట్టుకోలేదు.

శుక్రవారం పొద్దున ఆ కాగితం వదినె ముందు పెట్టాను. ఆమె చదవదు, నేను చదివి వినిపించాను. ఎవరైనా ఇద్దరు అన్నచోట ఆపమంది.

"అంటే మీరిద్దరూ ఒకటైతే నా సంతకం అక్కర్లేదు."

నేను ఆ సంగతి అనుకోలేదు.

"గేరేజి నాది. కరెంటు నాది. రేపు మీ ఫేక్టరీ సావాసంతో మీరిద్దరూ కలిసిపోయి, నన్ను నా ఇంట్లోనే పనిమనిషిని సేస్తే?"

అప్పుడు అర్థమైంది, ఆమె మూడో పేరు వద్దనడానికి ఉమ్లాజీ బస్సులు కారణం కాదని. నాకు కోపం తగ్గిపోయింది. భయం మాత్రం పెరిగింది. ఆమె చెప్పినది తప్పు కాదు మరి.

"అలా చెయ్యం వదినా."

"మొన్న ఆవిడా అలాగే అనుకున్నాది కదా, నువ్వు అలా సెయ్యవని."

మారుద్దామంటే సిసి మళ్ళీ సంతకం పెట్టాలి, అక్కడికి వెళ్ళి రావడానికి రోజు లేదు. పదకొండయింది. గుంటూరు అమ్మాయి తన టైపు మిషను తెచ్చుకుని దాని మీద వేళ్ళు పెట్టుకుని కూర్చుంది. పన్నెండయింది. వదినె లోపలికి వెళ్ళి పప్పు దించి, పోపు పెట్టి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"మీరిద్దరూ కలిసి సంతకమెట్టినా నాకు సెప్పాలి. ఎట్టకముందు సెప్పాలి, ఎట్టాక కాదు. నీకు పిల్లలున్నారు, వాళ్ళ మీద ఒట్టు."

"ఒట్టు."

"గేరేజి నాదే, గుర్తెట్టుకో" అని పెన్ను లాక్కుని గీసింది.

చేత్తో రాసిన కాగితం మినిట్స్ పుస్తకంలో అంటించారు. దాన్నుంచి కొత్త నకలు టైపు అయింది. ముగ్గురు డైరెక్టర్లూ సంతకం చేసిన తీర్మానం నుంచి తీసిన నిజమైన నకలు అని అందులో ఉంది. సంతకం పెట్టేముందు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని వేలితో ఒక్కో మాట పోల్చాను. టైమవుతోందని వదినె గొణిగింది. అయినా చివరిదాకా చూశాకే పెట్టాను.

బ్యాంకుకి చేరేసరికి మూడయింది. అదే పిల్ల. పేర్లు ఐడీలతో పోల్చింది. మూడో ఆమె నమూనా సంతకం ఏదని అడిగింది. చావు సంగతి చెప్పాం. "పర్వాలేదు, తర్వాత ఐడీ పట్టుకుని వచ్చి పెట్టమనండి. అంతవరకు మీరిద్దరూ పెడితే చెల్లుతుంది" అంది. మూడూ ఇరవైకి ఖాతా నంబరు ఒక కాగితం ముక్క మీద రాసిచ్చింది. బయట టెలిఫోను బూత్‌లోంచి గుంటూరు అమ్మాయి కార్ఖానాకి ఫోను చేసింది. అవతల చాలాసేపు ఎవరూ ఎత్తలేదు. ఎత్తాక ఆమె అంకెలు రెండుసార్లు చదివి, మాకేసి తల ఊపింది. వదినె అక్కడే గట్టు మీద కూలబడి చెప్పులు విప్పేసుకుంది.

చెక్కు పుస్తకం వచ్చాక గుడ్డ కొందామంది వదినె. సిసి వచ్చి కార్డు మీద సంతకం పెట్టేదాకా నేను పెట్టనన్నాను. ఈసారి ఆమె తిట్టలేదు.

మరుసటి గురువారం సిసి వచ్చింది. చావు గుర్తుగా బ్లౌజు భుజానికి నల్లగుడ్డ ముక్క పిన్ను పెట్టి ఉంది. బ్యాంకులో కార్డు మీద మూడు సంతకాలు పెట్టింది. తీర్మానం నకలు చూపించమని అడిగి, వెనక లైను పెరుగుతున్నా మొత్తం చదివింది. మెట్లు దిగుతూ అంది, "ఇకనుంచి మీటింగు ఉంటే నాకు నోటి మాట వద్దు సిసి. కాగితం మీద ఇవ్వు."

నొచ్చుకున్నాను. అయినా సరేనన్నాను.

ఆ రోజు సాయంత్రమే మొదటి నోటీసు రాశాను. డైరెక్టర్ల సమావేశం, మంగళవారం, పదింటికి, గారేజీలో, విషయం గుడ్డ కొనుగోలు. మూడు ప్రతులు. ఒకటి వదినెకిస్తే నవ్వి పప్పు డబ్బా కింద పెట్టింది. సిసికి ఇచ్చినప్పుడు ఆమె చదివి, అందినట్టు నా ప్రతి మీద సంతకం పెట్టి, తేదీ వేసి, తిరిగి ఇచ్చింది. ఆ తర్వాత పదకొండేళ్ళు నడిచింది ఆ కంపెనీ. ప్రతి సమావేశానికీ నేను నోటీసు రాశాను, ప్రతిసారీ ఆమె అందినట్టు సంతకం పెట్టింది. ఇక కాగితం వద్దులే, నోటి మాట చాలు అని ఒక్కసారి కూడా అనలేదు. ఆ మాట అడిగే ధైర్యం నాకూ రాలేదు.